‘రా’ లేని ‘నో’

చాట్‌లో ఎవరైనా మనకు ‘నో రా’ అని పంపారనుకోండి. ఇంకెవరో ‘నో’ అని పంపి ఊరుకున్నారనుకోండి. రెండు మెసేజీల్లోనూ కాదన్న మాట ఇంగ్లీషుదే. మొదటిది ఇంట్లో కూర్చుని కాదనడం, రెండోది గేటు బయట నిలబడి కాదనడం. తేడా అంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. తెలుగులో ఇద్దరి మధ్య ఉన్న బంధాన్ని పక్కన పెట్టి వాక్యం చెప్పడం కష్టం. ‘వస్తావా’ అన్నా, ‘వస్తారా’ అన్నా, ‘వస్తవా’ అన్నా, అవతలి మనిషి నాకేమవుతాడో క్రియ చివరే బయటపడిపోతుంది. ‘ఏంరా’, ‘ఏమే’, ‘ఏమండీ’ అన్నవి ఎలాగూ ఉన్నాయి. ఇంగ్లీషు ‘యూ’కి ఈ బాధ లేదు. తమ్ముడైనా, తాసిల్దారైనా ఒకటే.

అందుకే మనవాళ్లలో ఒక తీర్పు స్థిరపడింది. దగ్గరితనం ఉన్నంతసేపు తెలుగు, మనసు విరిగితే ఇంగ్లీషు. ప్రేమికుడు ‘ఐ థింక్ వీ షుడ్ టాక్’ అన్నాడంటే పని అయిపోయినట్టే అని నవ్వుకుంటాం. ఈ తీర్పు చాలాసార్లు నిజమే. కానీ దాని నుంచి ఇంకో తీర్పులోకి మనం తెలియకుండా జారిపోతాం: ఇంగ్లీషులోకి మారినవాళ్లు తప్పించుకుంటున్నారు, అంటే తప్పు వాళ్లది అని. నా పేచీ ఈ రెండో దానితోనే.

ఒక చాట్ గురించి చెబుతాను. అది నాది కాదు, మా బంధువుల్లోని ఒక అక్కాతమ్ముళ్లది. నేను వాళ్లిద్దరికీ పెదనాన్న బిడ్డను, అందుకని అక్క నాకు స్క్రీన్‌షాట్లు పంపింది. తమ్ముడు తన ఫోనే నా చేతిలో పెట్టి ‘నువ్వే చదువు’ అన్నాడు. రాస్తానంటే ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్క టైపు చేసే తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ అంతా తెలుగు లిపిలో పెడుతున్నాను.

ఊరు కందుకూరు దగ్గర. శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటాక వస్తుంది. ఫార్మా సిటీ అన్నప్పటి నుంచి, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నప్పటి నుంచి అక్కడ భూమి గురించి మాట్లాడని ఇల్లు లేదు. తమ్ముడు ఊళ్లోనే ఉంటాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ట్రాక్టరు, నాలుగు బర్రెలు. అక్క పెళ్లయి శంషాబాద్‌లో ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఒక విమానాల కంపెనీ చెక్-ఇన్ కౌంటర్లో పని, షిఫ్టు డ్యూటీలు. వాళ్ల నాయిన పోయి ఏడాది దాటింది. ఆయన కొన్న ఆరెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. మావైపు దాన్ని విరాసత్ అంటారు. దానికి ఇంట్లో వారసులందరి ఒప్పుకోలు కావాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు తమ్ముడు మొదలుపెట్టాడు. ‘అక్కా డ్యూటీల ఉన్నవా?’ ‘ఇప్పుడే దిగిన రా. చెప్పు.’ ‘తిన్నవా?’ ‘తిన్న. అమ్మ గోళీలు ఏసుకున్నదా?’ ‘ఏసుకున్నది. పొద్దున జర కండ్లు తిరిగినయ్ అన్నది, ఇప్పుడు మంచిగనే ఉన్నది.’ ‘షుగర్ చూపియ్యి రా.’ ‘చూపిస్త. టెన్షన్ నై.’

ఇందులో తెలుగు, ఇంగ్లీషు, హైదరాబాదీ ఉర్దూ మూడూ ఉన్నాయి. ఎవరూ ఎక్కడా మారినట్టు అనిపించదు. ‘డ్యూటీ’, ‘షుగర్’ మాటలు తెలుగులో ఇల్లు కట్టుకుని చాలా కాలమైంది. ‘టెన్షన్ నై’ తమ్ముడి ధైర్యం. ఆ ఊరి కుర్రాళ్లు ధైర్యం చెప్పాలంటే అలాగే చెబుతారు. మాటలు కలిసినంత మాత్రాన దాన్ని భాష మారడం అనలేం. వింటున్నవాడికి ‘ఇప్పుడేదో జరిగింది’ అని తెలిస్తేనే అది మారడం.

ఆ ఏదో పది నిమిషాలకు జరిగింది. ‘అక్కా విరాసత్‌కు స్లాట్ బుక్ చేసిన. గురువారం. అంత నా పేరు మీద చేస్తే లోన్ జల్ది వస్తదంట. నువ్వొచ్చి ఒక్క సంతకం పెట్టి పోతే అయిపాయె.’

నీలం టిక్కులు వచ్చాయి. నలభై నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత వరసగా మూడు. ‘సారీ రా.’ ‘ఐ కాంట్ సైన్ దిస్.’ ‘ఇట్ హాజ్ టు బీ త్రీ షేర్స్. ఐ యామ్ నాట్ గివింగ్ అప్ మైన్.’

మొదటి దానిలో ‘రా’ ఉంది. రెండో దాని నుంచి లేదు. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడినట్టు ఆ ‘సారీ రా’ మిగిలింది.

తమ్ముడు: ‘అక్కా తెలుగుల చెప్పు.’ అక్క: ‘ఐ సెడ్ వాట్ ఐ హ్యావ్ టు సే.’ తమ్ముడు: ‘సరే మేడం. మీ ఇష్టం.’

మామూలు తీర్పు ప్రకారమైతే ఇక్కడ అక్క మొహం చాటేసింది, తమ్ముడు గాయపడ్డాడు. మా ఇంట్లో చాలామంది అలాగే అన్నారు. ‘ఎంత చదువుకుంటే మాత్రం తోడబుట్టినోనితోని ఇంగ్లీషా’ అని ఒక అత్తమ్మ. కానీ ముందు ఆమె కాదన్న సంగతేమిటో చూడాలి. వీలునామా రాయకుండా పోయిన హిందూ తండ్రి సొంతంగా కొన్న భూమి భార్యకూ, కొడుక్కూ, కూతురికీ సమానంగా రావాలని 1956 నాటి వారసత్వ చట్టంలోనే ఉంది. ఆమె కొత్తగా ఏమీ అడగలేదు. దాదాపు డెబ్బై ఏళ్లుగా తనదైన దాన్ని వదులుకోనని అంది, అంతే.

ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలో ఒకసారి ప్రయత్నించి చూడండి. ‘నా వాటా నాకు కావాలె.’ వ్యాకరణం సరిపోయింది. కానీ ‘ఆడబిడ్డ వాటా అడిగింది’ అన్న వాక్యాన్ని మా ఊళ్లో ఏ గొంతుతో అంటారో ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. ఆ గొంతు ఆ మాటకు అంటుకునే వస్తుంది. దాని వెనకే ఇంకొన్ని వస్తాయి. పెండ్లి చేసినం గదా. తల్లిగారిల్లు చల్లగుండాలె. రేపు ఒడిబియ్యం ఎవరు పోస్తరు. వీటిలో దేన్నీ తమ్ముడు అనలేదు. అనాల్సిన పని కూడా లేదు, ఆమె తెలుగులో వాక్యం మొదలుపెడితే చాలు అవి అక్కడే ఉంటాయి. ‘షేర్’ అనే మాటకు ఒడిబియ్యం తెలియదు.

ఇది నా ఊహ కాదని చెప్పడానికి కొంత ఆధారం ఉంది. కేథరిన్ హారిస్, ఆమె తోటి పరిశోధకులు 2003లో టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నవాళ్లకు రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, చూపించి, వాళ్ల చర్మం మీద చెమట వల్ల విద్యుత్ వాహకత ఎంత మారుతుందో కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు తిట్టే తిట్ల దగ్గర తేడా బాగా కనిపించింది. ‘సిగ్గు లేదూ’ లాంటి మందలింపు ఇంగ్లీషులో వింటే ఒంటికి పెద్దగా పట్టలేదు, టర్కిష్‌లో వింటే పట్టింది. మన మీద భాష పనిచేసేది అర్థంతో మాత్రమే కాదు. ఆ మాటను మొదట ఎవరి నోట, ఏ వయసులో విన్నామో ఆ జ్ఞాపకంతో కూడా.

2014లో ఆల్బర్ట్ కోస్టా బృందం చేసిన ఇంకో ప్రయోగం మీలో చాలామంది విని ఉంటారు. వంతెన మీది నుంచి ఒక మనిషిని తోసేస్తే కింద రైలు ఆగి అయిదుగురు బతుకుతారు, తోస్తావా? పరాయి భాషలో అడిగినప్పుడు తోస్తామన్నవాళ్లు ఎక్కువయ్యారు. దీన్ని చూసి పరాయి భాషలో మనిషి బాగా ఆలోచిస్తాడని కొందరు సంతోషించారు. తర్వాత అదే వర్గం వాళ్లు జాగ్రత్తగా విడదీసి చూస్తే, ఆలోచన పెరగడం కన్నా జంకు తగ్గడమే కనిపించింది. మనల్ని ఆపే చెయ్యి కాస్త వదులైంది.

మనల్ని ఆపే చెయ్యి వదులవడం చెడ్డదా? వంతెన మీద అయితే బహుశా చెడ్డదే. కానీ ఆ చెయ్యి మనల్ని హత్య నుంచే ఆపదు. న్యాయంగా మనకు రావలసింది అడగకుండా కూడా ఆపుతుంది. ఆ జంకులో మన మంచితనం ఎంతో, మనకు ఇంట్లో ఇచ్చిన తర్ఫీదు ఎంతో విడదీయడం మాతృభాషలో ఉండి దాదాపు అసాధ్యం, ఎందుకంటే రెండూ మనకు ఒకే గొంతుతో వచ్చాయి. ఆమె నలభై నిమిషాలు తీసుకుని ఇంగ్లీషులోకి వెళ్లింది తమ్ముడి నుంచి దూరంగా వెళ్లడానికి కాదని నేననుకుంటున్నాను. వెళ్లింది తనలోని ‘అక్క’ నుంచి, కొన్ని నిమిషాల పాటు.

నేను అడిగితే ఆమె ఇంత వేదాంతం చెప్పలేదు. ‘కౌంటర్ల రోజుకు ఇరవై సార్లు నో చెప్త. ఎవ్వరు నన్ను చెడ్డదనరు’ అంది. పెట్టె 15 కిలోలు దాటుతుంది. ‘ఐ యామ్ సారీ సర్, ఐ కాంట్ అలౌ దిస్.’ ఆ వాక్యమూ, ఆ రాత్రి తమ్ముడికి పంపిన వాక్యమూ ఒకే అచ్చులో పోసినవని ఆమెకు నేను చెప్పాకే తట్టింది. కౌంటర్లో ఇంకోటి కూడా జరుగుతుందట. ప్రయాణికుడు ఆమె బ్యాడ్జి మీద పేరు చదివి చటుక్కున తెలుగులోకి వస్తాడు. ‘అమ్మా, మనోళ్లే గదా, జర చూడమ్మా.’ ఆమె ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. తెలుగులో జవాబిస్తే చూడాల్సి వస్తుంది.

ఇలాంటిదే పశ్చిమ కెన్యాలో ఒక అన్నాచెల్లెళ్ల మధ్య జరిగిన సంభాషణను కరోల్ మయర్స్-స్కాటన్, విలియం యూరీ 1977లో విశ్లేషించారు. చెల్లెలు అన్న దుకాణానికి ఉప్పు కోసం వచ్చి తమ ఇంటి భాషలో, లుయ్యాలో పలకరిస్తుంది. అన్న పలకరింపు కాగానే స్వాహిలీలోకి మారి, ఇవాళ ఏం కావాలని అడుగుతాడు. ఆమె లుయ్యా వదలదు, ఆయన స్వాహిలీ వదలడు. ఆమె ప్రతి వాక్యం ‘నేను నీ చెల్లెల్ని’ అంటోంది, ఆయన ప్రతి వాక్యం ‘ఇక్కడ నువ్వు గిరాకీవి’ అంటోంది. ఎవరూ ఈ మాటలు పైకి అనలేదు. ఊరికే కాస్త ఎక్కువ ఉప్పు ఇస్తాడా లేదా అన్న బేరమంతా భాషల ఎంపికలోనే నడిచింది.

అన్నకు ఆ హక్కు ఉందని నాకనిపిస్తుంది. దుకాణం నడవాలి కదా. కానీ ఆ బేరం న్యాయమైనది కావడానికి ఒక చిన్న కారణం ఉంది. చెల్లెలికి స్వాహిలీ వచ్చు. మాట్లాడనని మొండికేసింది కానీ, కావాలంటే ఆ మైదానంలోకి దిగి కూడా పోట్లాడగలదు. కందుకూరు తమ్ముడి పరిస్థితి అది కాదు. అతనికి ఇంగ్లీషు చదవడం వచ్చు. ‘ఐ కాంట్ సైన్ దిస్’ అంటే ఏమిటో తెలుసు. ఎదురు వాదించడం రాదు. ‘ఎందుకు సంతకం పెట్టవు, నాయిన దవాఖాన ఖర్చు నేను పెట్టలేదా, బర్రెలను ఎవరు చూస్తున్నరు’ అని అతని దగ్గర పెద్ద వాదమే ఉంది. అందులో కొంత న్యాయం కూడా ఉంది. దాన్ని ఇంగ్లీషులో పెట్టలేడు. ఇంగ్లీషుకు తెలుగులో జవాబిస్తే తక్కువవుతాననిపిస్తుంది. ‘తెలుగుల చెప్పు’ అని అతను అడిగింది భాషాభిమానంతో కాదు, తిరిగి మాట్లాడే చోటు కోసం.

ఆ చోటు దొరకనప్పుడు అతను ఏం చేశాడో చూడండి. తన దగ్గరున్న ఆయుధం తీశాడు. ‘మీ ఇష్టం.’ పుట్టినప్పటి నుంచి ‘నువ్వు’ అన్న అక్కను ‘మీరు’ అన్నాడు. దూరం కొట్టడానికి తెలుగువాడికి ఇంగ్లీషే అక్కర్లేదు. ఇంగ్లీషు ‘యూ’ బంధాన్ని పక్కన పెడుతుంది, అంతే. ‘మీరు’ బంధాన్ని చేతుల్లోకి తీసుకుని, అవతలి మనిషి చూస్తుండగా విరుస్తుంది. అక్క ఆ రాత్రి ఏడ్చింది తన ఇంగ్లీషుకు కాదు, ఆ రెండక్షరాలకు.

ఇద్దరిలో ఎవరిది క్రూరత్వం అని అడిగితే నేను రెండోదే అంటాను. అయినా మొదటి దానికి ఒక బాకీ మిగిలి ఉంది. ‘లేదు’ అనగలిగే శక్తి కోసం ఏ భాషలోకైనా వెళ్లవచ్చు. అది ఆమె లోపలి పని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ చెప్పడం ఒంటరి పని కాదు. తన జీవితాన్ని మార్చే మాటను ఒక మనిషి చేతిలో పెడుతున్నప్పుడు, అతను దాన్ని పట్టుకుని తిప్పిచూసి ‘ఇది తప్పు’ అనగలిగే భాషలో పెట్టాలి. అలా చేయకపోతే మాట న్యాయమైనదే అయినా, చెప్పిన తీరులో కొంత జబర్దస్తీ ఉంటుంది. కలిగినవాళ్ల నోటి ఇంగ్లీషును మనం ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఎన్నిసార్లు ఇలా పుచ్చుకున్నామో గుర్తు చేసుకుంటే ఆ తమ్ముడి మొహం కనిపిస్తుంది.

‘అర్థమైంది కదా, ఇంకేం’ అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. అర్థం కావడం వేరు, జవాబు చెప్పగలగడం వేరు. కోర్టులో తీర్పు విన్నవాడికీ అర్థమవుతుంది.

అక్క ఆ బాకీ తీర్చింది. మర్నాడు ఉదయం ఆరుంబావుకు, డ్యూటీకి పోయే బస్సులోంచి, ఆ చాట్‌లో మొదటిసారి తెలుగు అక్షరాల్లో రాసింది. అక్షరాలు వెతుక్కుంటూ రాసినట్టుంది, రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. ‘రేయ్. రాత్రి చెప్పిందే మళ్ల చెప్తున్న. నేను సంతకం పెట్ట. నాయిన భూమిల నా భాగం నాకు గావాలె. నువ్వు తిట్టినా గావాలె. తిట్టేది ఉంటే ఫోన్ చేసి తిట్టు.’

‘షేర్’ పోయి ‘భాగం’ వచ్చింది. రాత్రి నోటికి రాని మాట పొద్దున వచ్చింది. ఇంగ్లీషులో ఒకసారి గట్టిగా నిలబడ్డాక తెలుగులో కూడా నిలబడగలిగింది. పరాయి భాష ఆమెకు అరువు ధైర్యం ఇచ్చి, దాన్ని సొంతం చేసుకునే వరకూ ఆగింది. వాక్యం ముందున్న ఆ ‘రేయ్’ రాత్రి జారిపోయిన ‘రా’కు వడ్డీ.

తమ్ముడు ఫోన్ చేశాడు. తిట్టాడు. యాభై నిమిషాలు. దవాఖాన బిల్లుల దగ్గర మొదలుపెట్టి, చిన్నప్పుడు ఆమెను పట్నంలో చదివించడానికి అమ్మిన ఎడ్ల దాకా అన్నీ బయటికొచ్చాయి. ఆమె కూడా తక్కువ అనలేదు. గురువారం స్లాట్ రద్దయింది. ఇప్పటికీ పని కాలేదు. దవాఖాన ఖర్చు ముందు లెక్క తీసి పక్కన పెట్టి, తర్వాత పంచుకోవాలని ఒక మాట నడుస్తోంది. ఆ మాట ఇంగ్లీషు మెసేజీల్లోంచి పుట్టేది కాదు, తిట్లలోంచి పుట్టింది. ‘మీరు’ ఇంకా పూర్తిగా పోలేదు. బర్రె ఈనినప్పుడు ఫోటో పంపి ‘చూసినవా’ అన్నాడు. మళ్లీ భూమి మాట వస్తే ‘మీరు చెప్పండి’ అంటాడు. ఒకే చాట్‌లో ఆమె కొన్ని మెసేజీల దగ్గర అక్క, కొన్నింటి దగ్గర మేడం.

ఇంకొకామె ఉంది. చట్టం ప్రకారం ఆ ఆరెకరాల్లో రెండెకరాలు వాళ్లమ్మవి. ఆమెకు చదువు రాదు, తమ్ముడి ఫోన్లో వాయిస్ మెసేజీలు వింటుంది. స్క్రీన్‌షాట్లన్నీ మళ్లీ చదివాను. ఆమె గోళీల గురించి ఉంది, షుగర్ గురించి ఉంది, కళ్లు తిరగడం గురించి ఉంది, అన్నీ తెలుగులో. ఆమె భూమి గురించి మొత్తం చాట్‌లో ఒక్కచోటే ఉంది. ‘ఇట్ హాజ్ టు బీ త్రీ షేర్స్.’